వచ్చిన ఈ-మెయిల్ మళ్ళీ ఏ రోజు కనపడాలి?



స్కాలర్‌షిప్ రెన్యువల్ దరఖాస్తుల పరిశీలనలో కూర్చున్నప్పుడల్లా నాకు ఒక సంగతి కనపడుతూ ఉంటుంది. దరఖాస్తు రానివారిలో చాలామంది అర్హత లేనివారు కారు. మార్కులు ఉన్నాయి, కాగితాలు దొరుకుతాయి, ఉత్తరం కూడా అందింది. ఒక అబ్బాయికి ఫోను చేసి అడిగితే, "అన్నా, మెయిలు వచ్చిన రోజే చదివినాను. అప్పుడు చేసేదానికేమీ లేదు, అక్టోబరులో కదా అని విడిచిపెట్టినాను. మళ్ళీ చూసేసరికి నవంబరు" అన్నాడు. ఆ ఏడాది కిస్తు అతనికి పోయింది. అతను సోమరి కాడు. ఉత్తరం జులైలో వచ్చింది, పని అక్టోబరులో పడింది. నడుమ ఉన్న మూడు నెలల్లో ఆ ఉత్తరం వందల ఉత్తరాల కిందకు దిగిపోయింది. అంతే జరిగింది.

ఈ నడిమి కాలాన్ని దాటించడానికి జీమెయిల్‌లోనే ఒక సాధనం ఉన్నది. దాని పేరు స్నూజ్. ఉత్తరాన్ని ఇప్పటికి కంటికి కనపడకుండా పక్కన పెట్టి, మనం చెప్పిన రోజున, చెప్పిన గంటకు మళ్ళీ ఇన్‌బాక్స్‌లో పైన తెచ్చి పెట్టడం దాని పని. నొక్కడం ఎవరైనా ఒక్క నిమిషంలో నేర్చుకుంటారు. ఏ తేదీ పెట్టాలన్నదే తెలియాలి. ఈ వ్యాసం ముఖ్యంగా దాని గురించే.

పాత పద్ధతే, కొత్త రూపం

ఇది కంప్యూటరుతో పుట్టిన ఆలోచన కాదు. ఆఫీసుల్లో పూర్వం నుంచి గుమాస్తాలు 43 ఫైళ్ళు పెట్టుకొనే పద్ధతి ఒకటి ఉన్నది. నెలలో రోజులకు 31, సంవత్సరంలో నెలలకు 12. ఈ నెల 18న చూడవలసిన కాగితం 18వ ఫైలులోకి పోతుంది. మార్చిలో చూడవలసినది మార్చి ఫైలులోకి పోతుంది, మార్చి రాగానే దానిని విప్పి రోజుల ఫైళ్ళలో సర్దుతారు. ప్రతి ఉదయం ఆ రోజు ఫైలు ఒక్కటి తెరిస్తే చాలు. మన బర్గూరు జవుళి కొట్లలో వాయిదా బిల్లులను గడువు వారీగా కట్టి పెట్టుకొనే వారికి ఈ లెక్క చెప్పనక్కరలేదు. గడువు రాని బిల్లు గల్లా మీద ఉంటే అడ్డం, గడువు వచ్చిన బిల్లు కనపడకపోతే నష్టం.

ఈ-మెయిల్‌కు ఈ పద్ధతిని 2013లో మెయిల్‌బాక్స్ అనే ఫోను అప్లికేషన్ బాగా పరిచయం చేసింది. 2014లో గూగుల్ వారు ఇన్‌బాక్స్ అనే వేరే అప్లికేషన్‌లో పెట్టారు. ఆ రెండూ ఇప్పుడు లేవు. అయితే 2018లో ఇదే సౌకర్యం మామూలు జీమెయిల్‌లోకి వచ్చింది, దానికి డబ్బు కట్టనక్కరలేదు.

ఎలా పెట్టాలి

ఫోనులో ఉత్తరం తెరిచి, పైన కుడివైపు ఉన్న మూడు చుక్కలు నొక్కితే వచ్చే జాబితాలో Snooze అని ఉంటుంది. కంప్యూటరులో అయితే ఉత్తరాల జాబితాలో ఆ వరుస మీద మౌసు పెట్టగానే కుడి చివర చిన్న గడియారం బొమ్మ కనపడుతుంది. నొక్కగానే రేపు, వచ్చే వారం వంటి సిద్ధంగా ఉన్న తేదీలు, వాటి పక్కన గంట కనపడతాయి. అవి మనకు సరిపోయేవి తక్కువ. అన్నిటికంటె కింద మన ఇష్టం వచ్చిన తేదీ, గంట పెట్టుకొనే వీలు ఉన్నది. స్కాలర్‌షిప్ పనికి దానినే వాడండి.

పెట్టగానే ఉత్తరం ఇన్‌బాక్స్‌లో నుంచి మాయమౌతుంది. అది చెరిగిపోలేదు. ఎడమవైపు జాబితాలో Snoozed అనే చోట ఉంటుంది. వెతికే పెట్టెలో ఈ కింది విధంగా టైపు చేసినా అన్నీ కనపడతాయి.

```
in:snoozed
```

ఈ వాయిదా గూగుల్ వారి దగ్గర నమోదవుతుంది, మీ ఫోనులో కాదు. అందువల్ల ఫోను పాడైనా, మార్చినా, అదే అకౌంటుతో వేరేచోట తెరిచినా ఉత్తరం ఆ రోజుకు వచ్చి ఉంటుంది.

తేదీ: గడువు కాదు, పని మొదలు పెట్టగల రోజు

ఇక అసలు విషయం. ఎక్కువమంది ఉత్తరంలో కనపడే తేదీనే పెడతారు. ఉత్తరంలో కనపడేది సాధారణంగా చివరి తేదీ. చివరి రోజున గుర్తు చేసే ఉత్తరం మనకు దుఃఖమే తెస్తుంది. అట్లాగని మరీ ముందు తేదీ పెడితే చేయడానికి ఏమీ ఉండదు, చూసి మళ్ళీ వదిలేస్తాము. ఉత్తరం రావలసింది, ఆ పనిలో మొదటి అడుగు నిజంగా వేయగలిగిన మొదటి రోజున.

ఒక ఉదాహరణను పూర్తిగా వేసి చూద్దాము. 2025 జులై 14న ఒక ఇంజనీరింగు విద్యార్థికి రెన్యువల్ ఉత్తరం వచ్చిందనుకోండి. అందులో ఇలా ఉంది: దరఖాస్తు అక్టోబరు 1న తెరుస్తారు, 31న మూస్తారు. గత సెమిస్టరు మార్కుల జాబితా, బ్యాంకు పాస్‌బుక్కు మొదటి పుట, అక్టోబరు నెల తేదీతో కాలేజీ ఇచ్చిన బోనఫైడ్ సర్టిఫికెట్ జత చేయాలి.

మొదటి రెండు కాగితాలు ఇంట్లోనే ఉన్నాయి. మూడవది మాత్రం అక్టోబరుకు ముందు తీసుకుంటే చెల్లదు. అందువల్ల జులైలో ఈ ఉత్తరంతో చేయగల పని నిజంగానే లేదు. ఆ విద్యార్థి అనుకున్నది తప్పు కాదు. తిరిగి వచ్చే రోజు ఏర్పాటు చేయకపోవడమే తప్పు.

అక్టోబరు 1 పెడదామా? క్యాలెండరు చూడండి. 2025లో అక్టోబరు 1 బుధవారం ఆయుధ పూజ. 2వ తేదీ గాంధీ జయంతి, విజయదశమి రెండూ. కాలేజీ ఆఫీసు ఉండదు. ఆ రోజున ఫోను మోగితే, మనం బండి కడిగి బొట్టు పెడుతూ ఉంటాము, "సరే, చూద్దాంలే" అని పక్కన పెడతాము. 3వ తేదీ శుక్రవారం, ఊళ్ళకు వెళ్ళినవారు ఆ ఒక్క రోజుకు తిరిగి రారు. పని మొదలు కాగల మొదటి రోజు 6వ తేదీ సోమవారం.

ఇప్పుడు వెనక నుంచి కూడా లెక్క కట్టాలి. 20వ తేదీ సోమవారం దీపావళి. అంతకు ముందు శనివారం నుంచే అందరూ ప్రయాణాల్లో ఉంటారు. పండుగ అయినాక మిగిలేది ఒక వారం పైచిలుకు. ఆ వారాన్ని ఏదైనా కాగితం సరిగా లేదని తిప్పి పంపితే సరిచేయడానికి విడిచిపెట్టాలి. అంటే దరఖాస్తు 17వ తేదీ శుక్రవారానికి పంపి ముగించాలి. బోనఫైడ్‌కు అర్జీ ఇస్తే సంతకమై రావడానికి నాలుగు పనిదినాలు పడుతుందని అనుకున్నా, 6 నుంచి 17 వరకు పది పనిదినాలు చేతిలో ఉన్నాయి. 6వ తేదీ సరిపోతుందని తేలింది. ఈ వెనక లెక్కలో సరిపోకపోతే ఆఫీసులో ముందుగానే మాట్లాడుకోవలసి ఉంటుంది. ఆ సంగతి కూడా జులైలోనే తెలుస్తుంది.

గంట కూడా ఆలోచించి పెట్టాలి. సోమవారం ఉదయం పది గంటలకు ఉత్తరం కనపడితే, అప్పటికి మీరు కాలేజీలో ఉంటారు. అర్జీకి జత చేయవలసిన ఫీజు రసీదు నకలు ఇంట్లో బీరువాలో ఉంటుంది. కాబట్టి 5వ తేదీ ఆదివారం రాత్రి ఎనిమిదికి పెట్టండి. కాగితం ఎక్కడ ఉన్నదో మీరు అక్కడ ఉన్న సమయానికి ఉత్తరం రావాలి. బ్యాంకులో చేయవలసిన పనైతే బ్యాంకు తెరిచే పూటకు ముందు, ఫోనులో అడగవలసినదైతే ఆఫీసు వేళలో రావాలి.

ఒక పనికి ఒకే వాయిదా చాలదు

ఆదివారం రాత్రి ఉత్తరం వచ్చింది. కాగితాలు సంచిలో పెట్టుకున్నారు. సోమవారం అర్జీ ఇచ్చారు. గుమాస్తా "గురువారం రాప్పా" అన్నాడు. ఇప్పుడు మళ్ళీ మీ చేతిలో పని లేదు. ఇక్కడ చాలామంది ఆ ఉత్తరాన్ని ఇన్‌బాక్స్‌లోనే ఉంచేస్తారు, జులైలో జరిగినదే మళ్ళీ జరుగుతుంది. ఆఫీసు గుమ్మంలో ఉండగానే అదే ఉత్తరాన్ని 9వ తేదీ గురువారం మధ్యాహ్నం భోజన విరామానికి వాయిదా వేయండి. ఆ రోజు సంతకం కాలేదంటే 13వ తేదీ సోమవారానికి వేయండి. సర్టిఫికెట్ చేతికి వచ్చిన రాత్రే దరఖాస్తు పంపండి.

పంపినాక "మీ దరఖాస్తు అందింది, ఫలితం నవంబరు 15లోగా తెలుపుతాము" అని ఒక జవాబు వస్తుంది. దానిని చూసి సంతోషించి ఊరుకోకండి. 15వ తేదీ శనివారం. ఆ జవాబును 17వ తేదీ సోమవారం ఉదయానికి వాయిదా వేయండి. అప్పటికి ఫలితం వచ్చి ఉంటే ఉత్తరాన్ని ఆర్కైవ్ చేసేయండి. రాకపోతే అడగవలసిన రోజు అదే. ముందు అడిగితే తొందరపాటు, నెల ఆగి అడిగితే ఆలస్యం.

కేంద్ర ప్రభుత్వ నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు వేసేవారికి ఈ చివరి వాయిదా మరీ అవసరం. అక్కడ విద్యార్థి పంపగానే పని ముగియదు. కాలేజీవారు పరిశీలించి ఒప్పుకోవాలి, ఆ పైన ఇంకొక స్థాయిలో పరిశీలన ఉంటుంది. విద్యార్థి పంపడానికి ఒక చివరి తేదీ, కాలేజీ పరిశీలనకు వేరొక చివరి తేదీ ఉంటాయి. ఇవి ఏటా మారుతాయి కనుక ఆ సంవత్సరం పోర్టల్‌లో చూసి వ్రాసుకోండి. లోపం ఉన్నదని కాలేజీ తిప్పి పంపితే గడువులోగా సరిచేసి మళ్ళీ పంపాలి. అందువల్ల దరఖాస్తు అందిన ఉత్తరాన్ని, కాలేజీ పరిశీలన గడువుకు పది రోజుల ముందు తిరిగి వచ్చేలా పెట్టండి. ఆ రోజు పోర్టల్ తెరిచి మీ దరఖాస్తు ఏ దశలో ఉన్నదో చూసి, ఇంకా కాలేజీ దగ్గరే ఆగి ఉంటే స్కాలర్‌షిప్ చూసే మాస్టారును కలవండి. కాలేజీ గడువు దాటాక ఆయన కూడా ఏమీ చేయలేరు.

తేదీ తెలియని పనులు

స్నూజ్‌కు తేదీ మాత్రమే తెలుసు, సంఘటన తెలియదు. "రిజల్ట్సు వచ్చినప్పుడు", "తాసిల్దారు ఒప్పుకున్నప్పుడు" అని పెట్టడానికి వీలు లేదు. ఇ-సేవా కేంద్రంలో ఆదాయ సర్టిఫికెట్‌కు వేస్తే అది వి.ఏ.ఓ. దగ్గర, రెవెన్యూ ఇన్‌స్పెక్టరు దగ్గర, ఆపై తాలూకా ఆఫీసులో ఆగి ఆగి పోతుంది. ఎప్పుడు ముగుస్తుందో ముందు తెలియదు. ఇటువంటి చోట ఉత్తరాన్ని "చూసి రావలసిన" రోజుకు పెట్టండి. వారానికి ఒకసారి, ప్రతి బుధవారం సాయంత్రం అని పెట్టుకుంటే చాలు. రోజూ పెడితే నాలుగు రోజుల్లో చూడకుండానే తోసేయడం అలవాటవుతుంది. గడువు దగ్గర పడే కొద్దీ మూడు రోజులకు ఒకసారి చేయండి.

ఎక్కడ తప్పుతుంది

మొదటిది, ఎందుకు వచ్చిందో తెలియకపోవడం. మూడు నెలల తరువాత "రెన్యువల్ సమాచారం" అని ఒక ఉత్తరం పైకి వస్తే, దానితో ఏమి చేయాలో మళ్ళీ మొదటి నుంచి చదవాలి. స్నూజ్‌లో మన మాట వ్రాసి పెట్టే చోటు లేదు. దీనికి నేను చేసేది ఇది. ఆ ఉత్తరాన్ని నా అడ్రసుకే ఫార్వర్డు చేస్తాను. సబ్జెక్టులో ఉన్నది చెరిపి "ఫీజు రసీదు నకలు తీసుకో, రేపు బోనఫైడ్ అర్జీ" అని తెలుగులో వ్రాస్తాను. ఆ నకలుకు వాయిదా పెడతాను. తిరిగి వచ్చినప్పుడు తెరవకుండానే పని తెలుస్తుంది.

రెండవది, తోసివేసే అలవాటు. ఉత్తరం వస్తుంది, "రేపు" అని నొక్కుతాము. మళ్ళీ వస్తుంది, మళ్ళీ రేపు. ఒకే ఉత్తరాన్ని ఏ అడుగూ వేయకుండా మూడుసార్లు తోశారంటే తేదీ తప్పని కాదు, ఏదో అడ్డం ఉన్నదని అర్థం. మార్కులు తక్కువయ్యాయని సంకోచం కావచ్చు, నాన్నగారి సంతకం అడగడానికి భయం కావచ్చు. మూడవసారి తోయకండి, ఆ అడ్డం ఏమిటో మాకు ఫోనులో చెప్పండి.

మూడవది, తిరిగి వచ్చినదాన్ని అక్కడే ఉంచేయడం. పైకి వచ్చిన ఉత్తరం పైననే ఉండదు, కొత్తవి వచ్చే కొద్దీ కిందకు దిగుతుంది. రెండవసారి దానంతట అది రాదు. వచ్చిన పూటే మూడింటిలో ఒకటి చేయండి: పని ముగించి ఆర్కైవ్ చేయడం, ఒక అడుగు వేసి కొత్త తేదీ పెట్టడం, లేదా ఈ పని చేయనని తేల్చుకొని తీసివేయడం.

నాలుగవది, నడుమ వచ్చే జవాబు. వాయిదాలో ఉన్న ఉత్తరానికి అదే వరుసలో ఎవరైనా జవాబు వ్రాస్తే, తేదీ వరకు ఆగకుండా ఇన్‌బాక్స్‌లోకి వచ్చేస్తుంది. ఇది మంచిదే. అయితే పాత వాయిదా ఇంకా ఉన్నదని నమ్మకండి, జవాబు చదివి మళ్ళీ తేదీ పెట్టండి. కొత్త సబ్జెక్టుతో వేరుగా వచ్చిన ఉత్తరం మాత్రం పాతదాన్ని లేపదు.

ఐదవది మన ఊళ్ళలో ఎక్కువ. దరఖాస్తులో బ్రౌజింగు సెంటరు వారి ఈ-మెయిల్ అడ్రసో, బంధువుల అడ్రసో ఇస్తారు. ఒక అకౌంటులో ఒకరు స్నూజ్ చేస్తే ఆ అకౌంటు తెరిచే అందరి ఇన్‌బాక్స్‌లో నుంచీ ఆ ఉత్తరం పోతుంది. అన్న వాయిదా వేసినది తమ్ముడికి "రానే లేదు" అనిపిస్తుంది. దయచేసి విద్యార్థి సొంత అడ్రసు ఇవ్వండి. తప్పనిసరిగా పంచుకొంటే, లేదనుకొనే ముందు Snoozed లో చూడండి.

మరొక మాట. అన్ని ఉత్తరాలూ వాయిదాకు తగినవి కావు. ఓ.టి.పి., పాస్‌వర్డు మార్చే లింకు కొంతసేపటికే చెల్లకుండా పోతాయి. అవి తిరిగి వచ్చినా ఉపయోగం లేదు. రెండు నిమిషాల్లో జవాబు ఇవ్వగల ఉత్తరానికి కూడా వాయిదా అనవసరం, అప్పుడే ఇచ్చేయండి.

ఉత్తరమే లేని పనికి

నోటీసు బోర్డులో చూసినది, ఫోనులో విన్నది వాయిదా వేయడానికి ఉత్తరం ఉండదు. అప్పుడు మీకు మీరే ఒక ఉత్తరం వ్రాసుకోండి. కంప్యూటరులో Send పక్కన ఉన్న చిన్న బాణం నొక్కినా, ఫోనులో మూడు చుక్కలు నొక్కినా Schedule send అని వస్తుంది. 2019 నుంచి జీమెయిల్‌లో ఉన్నది. తేదీ, గంట పెడితే ఆ వేళకు మీ ఉత్తరం మీకే వచ్చి చేరుతుంది. అప్పటివరకు అది Scheduled అనే చోట ఉంటుంది, కావాలంటే రద్దు చేయవచ్చు.

ఇవన్నీ పెట్టుకున్నా ఆదివారం ఐదు నిమిషాలు Snoozed తెరిచి పైనుంచి కిందకు చూడండి. పండుగ సెలవు మారి ఉండవచ్చు, గడువు పొడిగించి ఉండవచ్చు, పరీక్ష తేదీ మీద ఒక వాయిదా పడి ఉండవచ్చు. తేదీలు అక్కడే సర్దుకోండి.

ఈ సంచిక చేతికి వచ్చిన రోజే, మీ ఇన్‌బాక్స్‌లో మన ట్రస్టు పంపిన చివరి ఉత్తరాన్ని వెతికి తీయండి. అందులో చివరి తేదీ కాకుండా, మొదటి అడుగు వేయగల రోజు ఏదో క్యాలెండరు పక్కన పెట్టుకొని లెక్క కట్టి, దానికి ముందు రాత్రికి స్నూజ్ చేయండి. లెక్క తేలకపోతే ఉత్తరం తీసుకొని ఆదివారం ఉదయం ట్రస్టు ఆఫీసుకు రండి, కలిసి కడదాము.